నాన్న అప్పులు తీర్చకముందే ఇల్లు పంచుకోవచ్చా? ప్రోనోటు తిరగరాయమని ఒత్తిడి చేస్తున్నారు

పట్నంబజార్ రవి (గుంటూరు), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రెండు నెలల కిందట పోయారు. మిర్చి యార్డులో చిన్న వ్యాపారం ఉండేది. వీలునామా రాయలేదు. అమ్మ, నేను, విజయవాడలో ఉంటున్న చెల్లెలు. ఇల్లు నాన్న స్వార్జితం. దాని మీద బ్యాంకుకు ఇంకా 18 లక్షలు కట్టాలి. ఇల్లు కొంటామని వచ్చినవాళ్లు 34 లక్షలు ఇస్తామంటున్నారు. కోల్డ్ స్టోరేజీలో నాన్న పేరున 250 టిక్కీల, అంటే బస్తాల, మిర్చి ఉంది. నేటి ధరకు సుమారు 12 లక్షలు రావచ్చు. ఆ సరుకు నిల్వ బాండ్లు ఇంకో బ్యాంకులో పెట్టి 7 లక్షలు తెచ్చారు. స్టోరేజీ అద్దె అరలక్ష. పొదుపు ఖాతాలో అరలక్ష. జీవిత బీమా 10 లక్షలు, నామినీ అమ్మ.

అప్పులు: నాన్న స్నేహితుడొకరికి రెండేళ్ల కిందటి ప్రోనోటు, వడ్డీతో కలిపి 10 లక్షలు. సరుకు ఇచ్చిన రైతులకు 6 లక్షలు, వాళ్ల దగ్గర తక్‌పట్టీలు, అంటే సరుకు లెక్క చీటీలు, ఉన్నాయి. ఒక బ్యాంకు వ్యక్తిగత రుణం 4 లక్షలు. ఇవి కాక మా దూరపు బంధువు ఒకాయన నాలుగేళ్ల కిందటి ప్రోనోటు తెచ్చి 5 లక్షలంటున్నారు. ఆయన రోజూ ఇంటికి వచ్చి, "నీ పేరున కొత్త నోటు రాసిచ్చెయ్, తర్వాత మెల్లగా ఇద్దువు గాని" అంటున్నారు. ఆసుపత్రి బిల్లు, కర్మకాండలు కలిపి 3 లక్షలు నేను చేబదులు తెచ్చి కట్టాను. హమాలీలకు, తొడిమలు తీసే ఆడవాళ్లకు అరలక్ష కూలి బాకీ ఉంది.

చెల్లెలి అత్తవారు ముందు ఇల్లు అమ్మి వాటాలు తేల్చండి, అప్పుల సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. ఏది ముందు?

---

కొత్తపేట శేషయ్య, సోమవారం రాత్రి 10:15

బాబూ, తండ్రి అప్పు కొడుకు తీర్చాల్సిందే. ఆస్తి ఉన్నా లేకపోయినా తప్పదు. మన పెద్దల కాలం నుంచి ఉన్న ధర్మం ఇది, కోర్టులు కూడా ఒప్పుకున్నాయి. కూతురికి ఆ బాధ్యత లేదు. నోటు రాసిచ్చి మాట నిలబెట్టుకో. నాన్నగారి పేరు ముఖ్యం.

---

గవర్నర్‌పేట లాయరమ్మ (విజయవాడ), సోమవారం రాత్రి 11:02

శేషయ్య గారూ, మీరు చెప్పింది ఒకప్పుడు నిజమే. తండ్రి అప్పు తీర్చడం కొడుకు పుణ్యధర్మమని, ఆ కారణంగానే కొడుకు మీద దావా వేసేవారు. 2005 సెప్టెంబరు 9న హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ దానికి తెర దించింది. ఆ తేదీ తర్వాత చేసిన అప్పుకు, కేవలం కొడుకు అన్న కారణంతో ఏ కోర్టూ వసూలు చేయించదు. రవి గారి నాన్నగారి అప్పులన్నీ ఆ తర్వాతివే.

కూతురికి బాధ్యత లేదనడం కూడా సరి కాదు. ఇప్పుడు బాధ్యత మనిషిని బట్టి కాదు, ఆస్తిని బట్టి. పోయిన వ్యక్తి ఆస్తిలో ఎవరి చేతికి ఎంత వచ్చిందో, వారి బాధ్యత అంతవరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ చెప్పేది అదే. రవి గారి జీతం, చెల్లెలి బంగారం, అమ్మగారి పుట్టింటి పొలం, వీటి జోలికి నాన్నగారి అప్పులవాళ్లు రాలేరు.

రవి గారూ, అసలు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. మీ పేరున కొత్త నోటు రాస్తే ఆ గీత చెరిగిపోతుంది. అది మీ అప్పు అవుతుంది. నోటు మీద సంతకం మీదేనని తేలితే, డబ్బు ముట్టిందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది మీరు. అప్పుడు మీ జీతమూ జప్తుకు వస్తుంది. ఎవరు ఎంత బతిమాలినా కొత్త నోటు రాయకండి, పాత నోటు వెనకా ఏమీ రాయకండి.

ఒక ప్రశ్న. మీ నానమ్మగారు ఉన్నారా?

---

పట్నంబజార్ రవి, మంగళవారం ఉదయం 7:20

చాలా కృతజ్ఞతలు మేడమ్. నానమ్మ ఉంది. బాబాయి దగ్గర పల్లెలో ఉంటుంది. 84 ఏళ్లు. ఆమెతో ఏం సంబంధం?

---

గవర్నర్‌పేట లాయరమ్మ, మంగళవారం ఉదయం 8:05

కొడుకు వీలునామా లేకుండా పోతే తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. మీ నాన్నగారి స్వార్జితంలో అమ్మకు, మీకు, చెల్లెలికి, నానమ్మకు తలా నాలుగో వంతు. ఇల్లు అమ్మాలంటే నానమ్మ సంతకమో వేలిముద్రో లేకుండా రిజిస్ట్రేషన్ చేయించుకునే కొనుగోలుదారు రేపు చిక్కుల్లో పడతాడు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆమె పేరు లేకపోతే ముందు అది సరిచేయించండి.

---

రిటైర్డ్ మేనేజర్ ప్రసాద్ (గుంటూరు), మంగళవారం ఉదయం 9:30

ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. మిర్చి బాండ్ల మీద అప్పులు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. రవీ, నీకు ముందుగా చెప్పవలసింది ఇంటి గురించి కాదు, మిర్చి గురించి.

ఇల్లు ఆర్నెల్లు ఆగినా ఇల్లే. టిక్కీలు అలా కాదు. రంగు తగ్గితే ధర తగ్గుతుంది. ఇంకోపక్క బ్యాంకు వడ్డీ, స్టోరేజీ అద్దె పెరుగుతూ ఉంటాయి. సరుకు విలువ అప్పు కంటే దిగిందని బ్యాంకుకు అనిపిస్తే తానే వేలం వేస్తుంది. ఆ వేలంలో మంచి ధర రావడం నేను చూడలేదు. కాబట్టి ఈ వారమే బ్యాంకుకు వెళ్లు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నలుగురు వారసుల సమ్మతి లేఖ పట్టుకెళ్లు. సరుకు అమ్ముతామని, వచ్చిన డబ్బు నేరుగా రుణ ఖాతాలో జమ చేయిస్తామని రాసివ్వు. బ్యాంకు విడుదల కాగితం ఇస్తేనే స్టోరేజీవాళ్లు గేటు తెరుస్తారు. వాళ్ల అద్దె కట్టేదాకా సరుకు పట్టి ఉంచుకునే హక్కు వాళ్లకూ ఉంది. ఏడు లక్షలు, అద్దె అరలక్ష పోగా నాలుగున్నర లక్షలు మిగలవచ్చు. ఆ మిగులే అందరిదీ.

ఇక్కడ తాకట్టు అప్పుకూ ప్రోనోటు అప్పుకూ ఉన్న తేడా గుర్తించు. ఇంటి మీది 18 లక్షలకు, మిర్చి మీది 7 లక్షలకు బ్యాంకులు వరుసలో నిలబడవు. ఆ వస్తువే వాళ్ల పట్టులో ఉంది. మిగిలిన వాళ్లందరూ ఆ తర్వాత మిగిలినదాని కోసం చూడవలసిందే.

---

ఆటోనగర్ పద్మ (విజయవాడ), మంగళవారం మధ్యాహ్నం 1:10

నాదీ ఇలాంటి సమస్యే అండీ, ఇక్కడే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. మావారు పోయి ఏడాది అయింది. లారీ మీద ఫైనాన్సు ఉంది. వాయిదాలు కట్టలేక లారీ అప్పగించేశాను. వాళ్లు అమ్ముకుని ఇంకా మూడు లక్షలు తక్కువ వచ్చిందంటున్నారు. మావారు అంతకుముందు కంపెనీలో పనిచేసినప్పటి పీఎఫ్ నాలుగు లక్షలు నాకు వచ్చింది. అది తెచ్చి కట్టమంటున్నారు. పింఛను కూడా ఆపిస్తామంటున్నారు. నిజమేనా?

---

రిటైర్డ్ మేనేజర్ ప్రసాద్, మంగళవారం మధ్యాహ్నం 2:45

అమ్మా, పీఎఫ్ ముట్టుకోవడానికి వీల్లేదు. సభ్యుడు పోయాక నామినీకి వచ్చే ఆ సొమ్ము అతని అప్పుల నుంచి విడిగా ఉంటుందని పీఎఫ్ చట్టంలోనే, 10వ సెక్షన్‌లో, ఉంది. కుటుంబ పింఛను కూడా మీకు మీ హక్కుగా వచ్చేదే, ఆయన వదిలిన ఆస్తి కాదు. దాన్ని ఆపించే అధికారం ఫైనాన్సువాళ్లకు లేదు.

కానీ ఒకటి చూసుకోండి. లారీ ఫైనాన్సు కాగితాల మీద మీరు సంతకం పెట్టారా? చాలామంది ఫైనాన్సర్లు భార్యతో సహ రుణగ్రహీతగా సంతకం చేయించుకుంటారు. అలా చేసి ఉంటే ఆ మూడు లక్షలు మీ సొంత అప్పే, వారసత్వంతో దానికి పని లేదు. చేయకపోతే ఆయన వదిలిన ఆస్తి మేరకే అడగగలరు.

---

ఆటోనగర్ పద్మ, మంగళవారం మధ్యాహ్నం 3:20

సంతకం పెట్టానో లేదో గుర్తు లేదండీ. ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేదాన్ని. కాగితాల నకలు అడుగుతాను.

---

మంగళగిరి కుర్రాడు, మంగళవారం సాయంత్రం 5:00

రవి అన్నా, ఇంత తలనొప్పి ఎందుకు? మీరందరూ వాటాలు అమ్మ పేరున రాసేయండి. అమ్మ మీ పిల్లల పేరున రాసేస్తుంది. అప్పులవాళ్లు వస్తే "మా చేతిలో ఏమీ లేదు" అని చెప్పండి. చేతికి వచ్చిన మేరకే కదా బాధ్యత!

---

గవర్నర్‌పేట లాయరమ్మ, మంగళవారం రాత్రి 8:50

తమ్ముడూ, ఈ సలహా విని నష్టపోయినవాళ్ల కేసులు నేను వాదించాను. 50వ సెక్షన్ పక్కనే 52 ఉంది. వారసుడి మీద డిక్రీ వచ్చాక, "పోయినాయన ఆస్తి నా దగ్గర లేదు" అంటే కోర్టు అక్కడితో వదిలేయదు. వచ్చిన ఆస్తిని సక్రమంగా ఖర్చు చేశానని వారసుడు కోర్టుకు చూపించాలి. చూపించలేకపోతే, ఎంత ఆస్తికి లెక్క చెప్పలేకపోయాడో అంత మేరకు అతని సొంత ఆస్తి మీదనే డిక్రీ అమలవుతుంది. ఆస్తి మేరకే బాధ్యత అన్న రక్షణ లెక్క చూపినవాళ్లకే దక్కుతుంది. ఇక అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో రాసిన బదిలీ పత్రాలను వాళ్లు కోర్టులో రద్దు చేయించగలరు.

రవి గారూ, అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. నాన్నగారి ఆస్తి నుంచి వచ్చిన ప్రతి రూపాయీ ఒకవైపు, పోయిన ప్రతి రూపాయీ ఇంకోవైపు. వీలైతే విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి అన్నీ దాని ద్వారానే జరపండి. మీ జీతం దానిలో కలపకండి. ఆసుపత్రి బిల్లులు, పురోహితుడికి, భోజనాలకు ఇచ్చిన చిట్టీలు దాచండి.

మీరు కట్టిన 3 లక్షల గురించి: చివరి జబ్బు వైద్యం, అంత్యక్రియలకు ఆ కుటుంబ స్థితికి తగిన ఖర్చు, ఇవి మామూలు అప్పులకన్నా ముందు తీరవలసినవి. మీరు చేబదులు తెచ్చి కట్టారు కాబట్టి ఆస్తి నుంచి ముందుగా మీకు రావాలి. ఆ తర్వాత కూలి బాకీ. చనిపోయే ముందు మూడు నెలల్లో చేసిన పనికి కూలీలకు, పనిమనుషులకు ఇవ్వవలసింది మిగతా అప్పులకంటే ముందు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 320 నుంచి 323 వరకు సెక్షన్లలో ఈ వరుస ఉంది. మీ హమాలీలు, తొడిమలు తీసేవాళ్లు ఇందులోకి వస్తారు. గుమాస్తా జీతం బాకీ ఉంటే అది వస్తుందో రాదో వాదన ఉంటుంది.

---

పట్నంబజార్ రవి, మంగళవారం రాత్రి 9:35

గుమాస్తా లేడు మేడమ్, నాన్నే అన్నీ చూసుకునేవారు. అయితే ఇల్లు అమ్మితే ఎవరికి ఎంత వస్తుంది? నాకు రైతుల సంగతే ఎక్కువ బాధగా ఉంది. వాళ్లు నాన్న మీద నమ్మకంతో సరుకు ఇచ్చారు. వాళ్లకు ముందు పూర్తిగా ఇచ్చేయాలని ఉంది.

---

గవర్నర్‌పేట లాయరమ్మ, మంగళవారం రాత్రి 10:40

లెక్క వేద్దాం. ఇల్లు 34 లక్షలకు పోతే బ్యాంకుకు 18 పోను 16 మిగులుతుంది. మిర్చిలో నాలుగున్నర, ఖాతాలో అర. మొత్తం 21 లక్షలు. అందులో మీరు కట్టిన 3, కూలి అర పోతే పదిహేడున్నర. తాకట్టు లేని అప్పులు: స్నేహితుడి నోటు 10, రైతులు 6, వ్యక్తిగత రుణం 4, కలిపి 20 లక్షలు. ఇరవైకి పదిహేడున్నర ఉంది కాబట్టి రూపాయికి ఎనభై ఏడున్నర పైసలు. స్నేహితుడికి 8 లక్షల 75 వేలు, రైతులకు 5 లక్షల 25 వేలు, బ్యాంకుకు మూడున్నర లక్షలు. అందరికీ ఒకే దామాషా. వారసులకు ఏమీ మిగలదు. మిగిలిన రెండున్నర లక్షల కోసం మీ జేబులోంచి తీయమని ఎవరూ అడగలేరు.

ఇప్పుడు మీ బంధువు 5 లక్షల పాత నోటు కూడా ఇందులో కలిపారనుకోండి. అప్పు 25 లక్షలవుతుంది, రూపాయికి డెబ్బై పైసలే వస్తాయి. రైతులకు 5 లక్షల 25 వేలు కాస్తా 4 లక్షల 20 వేలవుతుంది. ఆయనకు మొహమాటంతో ఇచ్చే ప్రతి రూపాయీ మీరు బాధపడుతున్న ఆ రైతుల వాటాలోంచే పోతుంది.

ఆయన నోటుకు కాలదోషం పట్టిందో లేదో ముందు తేల్చండి. అడగ్గానే ఇవ్వవలసిన ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. మనిషి పోయినంత మాత్రాన ఆ గడువు ఆగదు.

---

కొత్తపేట శేషయ్య, బుధవారం ఉదయం 6:50

లాయరమ్మ గారూ, మా ఊళ్లో వడ్డీ వ్యాపారులు వెయ్యి రూపాయలు జమ వేసి నోటు వెనక సంతకం పెట్టించుకుంటారు. నాలుగేళ్లయినా అయిదేళ్లయినా ఆ నోటు మళ్లీ బతుకుతుంది. బంధువు గారు అదే చేయిస్తారేమో!

---

గవర్నర్‌పేట లాయరమ్మ, బుధవారం ఉదయం 8:15

ఇందులో సగం నిజముంది శేషయ్య గారూ. మూడేళ్లు నిండకముందు కొంత చెల్లించి, చెల్లు రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దాటిపోయాక వేసిన జమ నోటును బతికించదు. కాబట్టి రవి గారు చూడవలసింది నోటు వెనకవైపు. మూడేళ్లలోపు తేదీతో నాన్నగారి చేతిరాతలో చెల్లు ఏదైనా ఉందా?

---

రిటైర్డ్ మేనేజర్ ప్రసాద్, బుధవారం ఉదయం 10:00

నకలు చూపిస్తే ఒప్పుకోవద్దు రవీ. అసలు నోటు చూపించమను. రెండువైపులా ఫోటో తీసుకో. ముందువైపు రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం పడిందా, రాసినవారి పేరు, సాక్షుల పేర్లు ఉన్నాయా చూడు. సాక్షులు బతికి ఉంటే వెళ్లి అడుగు. వెనక చెల్లు ఉంటే దాని సిరా, అక్షరాల వంపు, తేదీ రాసే పద్ధతి మీ నాన్న లెక్కల పుస్తకంతో పోల్చి చూడు. ఆయన తేదీ ఎలా రాసేవారు, అంకె ఏడుకు అడ్డగీత పెట్టేవారా, ఇవన్నీ కొడుకుగా నీకు తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు. రెండేళ్ల కిందటి 10 లక్షల నోటుకు కూడా ఇదే పరీక్ష పెట్టు. స్నేహితుడైనంత మాత్రాన చూడకుండా ఒప్పుకోకు. నాన్న పుస్తకంలో ఆ పది లక్షలు వచ్చినట్టు ఎక్కడో రాసి ఉండాలి.

డబ్బు ఇచ్చేటప్పుడు అసలు నోటు వెనక్కి తీసుకో. దాని మీద పూర్తిగా ముట్టిందని ఆయన చేత రాయించి సంతకం తీసుకో. నోటు వాళ్ల దగ్గరే ఉంచి డబ్బిచ్చినవాళ్లు రెండోసారి కట్టడం నేను చూశాను.

లాయరమ్మ గారితో ఒక్క విషయంలో నాది వేరే మాట. దామాషా లెక్క కాగితం మీద బాగుంటుంది. బయట మాత్రం ముందు దావా వేసి ముందు జప్తు తెచ్చుకున్నవాడిదే పైచేయి.

---

గవర్నర్‌పేట లాయరమ్మ, బుధవారం మధ్యాహ్నం 12:30

కాదనను. నేను చెప్పిన 320 నుంచి 323 సెక్షన్లు వీలునామా నిర్వాహకులకు, కోర్టు నియమించిన ఆస్తి నిర్వాహకులకు రాసినవి. వారసులే కూర్చుని పంచుతుంటే పైన చూసేవాళ్లు ఉండరు. అలాంటప్పుడు నిజమైన అప్పును ఒకరికి పూర్తిగా తీర్చినా "సక్రమంగా ఖర్చు చేశాను" అని వాదించవచ్చు. కానీ మిగిలినవాళ్లు కోర్టుకెక్కితే ఆ వాదన నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఆస్తి చాలదని ముందే తెలిసి, కావలసినవాళ్లకు ఎక్కువ ఇచ్చారనడానికి అవకాశం ఉంటుంది. దావా దాకా వెళ్తే, డబ్బు కోర్టుకు చేరకముందే డిక్రీతో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే దామాషా దొరుకుతుంది. బయట నిలబడ్డ రైతుకు ఏమీ రాదు.

రైతులకు ఇదే పెద్ద ప్రమాదం. బ్యాంకుకు లాయర్లున్నారు, ప్రోనోటు స్నేహితుడికి డబ్బుంది. తక్‌పట్టీ పట్టుకున్న రైతు చివరికి వస్తాడు. అందుకే ముగ్గురు అప్పులవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి లెక్క చూపించి, రూపాయికి ఇంత చొప్పున తీసుకుని మిగతాది వదులుకుంటామని కాగితం రాయించుకోండి. బ్యాంకు కూడా సెటిల్‌మెంటుకు వస్తుంది. ఎవరూ ఒప్పుకోకపోతే ఆస్తి నిర్వహణ దావా వేసి కోర్టు చేతనే పంపకం చేయించవచ్చు. కాలం పడుతుంది, ఖర్చూ అవుతుంది. ఆ ఖర్చు కూడా అప్పులకంటే ముందు ఆస్తి నుంచే పోతుంది.

---

తెనాలి రైతుబిడ్డ, బుధవారం మధ్యాహ్నం 2:05

బ్యాంకు నాలుగు లక్షలు నష్టపోతే దానికేమీ కాదు. మా నాన్న ఒక వ్యాపారి పోయినప్పుడు ఎనభై వేలు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడు పెట్టుబడికి మళ్లీ అప్పు చేశాడు. రవి గారూ, చట్టం ఏం చెప్పినా రైతుకు ముందు ఇవ్వండి.

---

గవర్నర్‌పేట లాయరమ్మ, బుధవారం మధ్యాహ్నం 3:30

మీ బాధ నాకు అర్థమైంది. రవి గారు తన సొంత డబ్బుతో రైతులకు పూర్తిగా ఇస్తే అడ్డు చెప్పేవారు లేరు. నాన్నగారి ఆస్తి నుంచి ఇస్తే మాత్రం మిగతావాళ్లు ప్రశ్నిస్తారు. ఈ రెండూ కలపకూడదనే నేను చెప్పేది.

---

పట్నంబజార్ రవి, బుధవారం రాత్రి 9:15

బంధువు గారి అసలు నోటు చూశాను. వెనక చెల్లు ఏదీ లేదు. రాసి నాలుగేళ్ల మూడు నెలలు. కొత్త నోటు రాయనని చెప్పాను. కోపంగా వెళ్లిపోయారు. స్నేహితుడి నోటు నాన్న పుస్తకంతో సరిపోయింది.

వ్యక్తిగత రుణానికి మా మేనమామ హామీ సంతకం పెట్టారట. ఆయనకు బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఆస్తి పంపకం అయ్యేదాకా ఆగమని చెప్పవచ్చా?

బీమా డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మకు వచ్చే 10 లక్షలూ ఈ 21లో కలపాలా?

---

రిటైర్డ్ మేనేజర్ ప్రసాద్, బుధవారం రాత్రి 10:05

హామీదారుడిని ఆగమనే హక్కు లేదు. అసలు వ్యక్తి ఎంత బాధ్యుడో హామీదారుడూ అంతే. బ్యాంకు నేరుగా ఆయన దగ్గరికే వెళ్లవచ్చు. ఆయన కడితే బ్యాంకు స్థానంలోకి ఆయన వస్తారు. అప్పుడు మూడున్నర లక్షలు మీ ఆస్తి నుంచి ఆయనకు వెళ్తాయి. మిగిలిన అరలక్ష ఆయన నష్టమే, నువ్వు మనసుపడి ఇస్తే తప్ప.

---

గవర్నర్‌పేట లాయరమ్మ, బుధవారం రాత్రి 11:20

బీమా మీద ఒక్కమాటలో తేల్చలేను. 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలుగా ఉంటే ఆ డబ్బు వారికే చెందుతుందని బీమా చట్టం 39వ సెక్షన్‌లో ఉంది. అంతకుముందు నామినీ అంటే వారసుల తరఫున డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేనని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త సవరణ తర్వాత వారసుల హక్కు పూర్తిగా పోయిందా అన్నదాని మీద హైకోర్టులు ఒకే మాట చెప్పడం లేదు. అమ్మగారికి బలమైన వాదన ఉంది. నా సలహా, ఆ డబ్బు అమ్మగారి ఖాతాలో విడిగా ఉంచండి. ఇంటి లెక్కలో కలపకండి, మీ ఖాతాకు మార్చుకోకండి.

పాలసీ పత్రం తీసి ఒకటి చూడండి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాబిడ్డల మేలు కోసం తీసుకున్నట్టు రాసి ఉంటే ఇక వాదనే లేదు. అప్పులవాళ్లు దాని దగ్గరికే రాలేరు.

---

రిటైర్డ్ మేనేజర్ ప్రసాద్, గురువారం ఉదయం 7:10

బీమా అంటే గుర్తొచ్చింది. రవీ, ఇంటి అప్పు తీసుకున్నప్పుడు దానికి బీమా కట్టించారా? చాలా బ్యాంకులు రుణంలోనే ఒకేసారి ప్రీమియం పట్టుకుంటాయి, కుటుంబానికి తెలియదు కూడా. మంజూరు లేఖ, రుణ ఖాతా మొదటి నెల వివరాలు చూడు. ఇల్లు కొనేవాళ్ల దగ్గర బయానా తీసుకునే ముందు ఇది తేల్చుకో.

---

పట్నంబజార్ రవి, శుక్రవారం సాయంత్రం 6:30

ప్రసాద్ గారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రుణ ఖాతాలో మొదటి నెలలోనే "బీమా ప్రీమియం" అని 62 వేలు పట్టుకున్నట్టు ఉంది. అయిదేళ్ల కిందటి మాట. బ్యాంకులో అడిగితే మొదట మాకు తెలియదన్నారు. ఆ వరుస చూపించాక క్లెయిమ్ ఫారం ఇచ్చారు. కానీ నాన్నకు అప్పటికే షుగరు ఉంది. అది దరఖాస్తులో రాశారో లేదో తెలియదు. రాయకపోతే కంపెనీ ఇవ్వదని అక్కడి ఉద్యోగి అన్నాడు.

---

గవర్నర్‌పేట లాయరమ్మ, శుక్రవారం రాత్రి 8:40

ఆ ఉద్యోగి మాట మీద ఆగిపోకండి. జీవిత బీమా పాలసీని మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. మీరు తెచ్చుకోవలసినవి రెండు కాగితాలు. బీమా ధ్రువపత్రం, దాని మీద కవరేజీ మొదలైన తేదీ ఉంటుంది. నాన్నగారు సంతకం చేసిన దరఖాస్తు నకలు. రెండూ రాతపూర్వకంగా అడిగి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఇలాంటి పాలసీల్లో చాలావరకు ఏటా కవరేజీ తగ్గుతూ వస్తుంది. ఆ పట్టికలో ఈ ఏడాదికి ఎంత ఉందో అంతే ఇస్తారు. వాయిదాలు తప్పి ఉంటే ఆ తేడా మీరే కట్టాలి.

18 లక్షలూ వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇల్లు 34 లక్షలకు అమ్మితే తాకట్టు లేని ఇరవై లక్షలూ రూపాయికి రూపాయి తీరి, నలుగురు వారసులకు పదిహేనున్నర లక్షలు మిగులుతాయి. కాబట్టి చెల్లెలి అత్తవారికి ఆ సంగతి చెప్పి, క్లెయిమ్ తేలేదాకా ఇంటికి బయానా తీసుకోవద్దు. మిర్చి మాత్రం ఆపకండి.

---

పట్నంబజార్ రవి, శుక్రవారం రాత్రి 9:05

మిర్చి విడుదల కాగితం సోమవారం ఇస్తామన్నారు. నానమ్మ వేలిముద్ర కోసం రేపు పల్లెకు వెళ్తున్నాను. సమ్మతి లేఖ మీద వేలిముద్రకు సాక్షులుగా బాబాయి సంతకం పనికొస్తుందా, బయటివాళ్లు కావాలా?

---

రిటైర్డ్ మేనేజర్ ప్రసాద్, శుక్రవారం రాత్రి 9:30

బాబాయి ఒక్కడే అయితే బ్యాంకు అడ్డుపెట్టవచ్చు. ఊళ్లో ఇద్దరు బయటివాళ్లను పెట్టు, వాళ్ల ఆధార్ నకళ్లు జతచెయ్యి. లేఖ ఆమెకు చదివి వినిపించినట్టు కింద ఒక వాక్యం రాయించు.